మూడు కండరాల పునశ్చరణ పట్టిక: కాల్షియం వరుసను ఎలా రాయాలి?

పీలేరు విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. శరీరధర్మశాస్త్రం పరీక్షకు ముందు ఒకసారి చూసుకోవడానికి వీలుగా మూడు రకాల కండరాల సంకోచ విధానాన్ని ఒక పట్టికగా రాసుకున్నాను.

| అంశం | అస్థి కండరం | హృదయ కండరం | నునుపు కండరం |
|---|---|---|---|
| ప్రేరణ | చాలక నాడి | పేస్‌మేకర్ కణాలు | నాడి, హార్మోను, సాగదీత. కొన్నిచోట్ల స్వయంగా |
| కాల్షియం ఎక్కడిది | లోపలి నిల్వ | లోపలి నిల్వ, బయటి ద్రవం | లోపలి నిల్వ, బయటి ద్రవం |
| కాల్షియం దేనికి అతుక్కుంటుంది | ట్రోపోనిన్ | ట్రోపోనిన్ | కాల్మోడ్యులిన్ |
| వరుస ప్రేరణలకు సంకోచాలు కలిసిపోవడం | ఉంటుంది | ఉండదు | నిలకడైన బిగువు ఉంటుంది |

నా సందేహమంతా రెండో వరుస గురించే. మొదటిది, అక్కడ హృదయ కండరానికీ నునుపు కండరానికీ ఒకే మాట రాయవలసి వచ్చింది. తేడా ఏమీ లేకపోతే ఆ వరుసలో పోల్చడానికి ఏముంది? రెండోది నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. అస్థి కండరం బయటి కాల్షియం మీద ఆధారపడదని ఈ పట్టికే చెబుతోంది కదా. మరి రక్తంలో కాల్షియం పడిపోయినప్పుడు ముందుగా బిగుసుకుపోయేవి చేతివేళ్ళ కండరాలని పుస్తకంలో ఎందుకు రాశారు? అవి అస్థి కండరాలే కదా. పైగా కాల్షియం తగ్గితే కండరం సడలాలి గాని బిగుసుకోవడమేమిటి?

అలిపిరి నడక

అమ్మా, మీ ప్రశ్న నాకు బాగా పనికివచ్చేది. నేను నెలకొకసారి అలిపిరి నుండి మెట్లెక్కి కొండకు వెళ్తాను. గాలిగోపురం చేరేలోగా పిక్కలు పట్టేసి కదలనివ్వవు. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది కాల్షియం తక్కువవడం వల్లనే అని నాకు అర్థమైంది. ముందురోజు రాత్రి ఒక కాల్షియం మాత్ర వేసుకుంటే సరిపోతుందా, లేక రెండు వేసుకోవాలా?

తిరుచానూరు మందుల షాపు

విద్యార్థిని గారూ, మీరు ఆ వరుసను అనవసరంగా కలగాపులగం చేశారు. అస్థి కండరానికి లోపలి నిల్వ మాత్రమే, మిగతా రెండింటికీ బయటి ద్రవం మాత్రమే అని రాస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దీనికి నా అనుభవంలోనే రుజువు ఉంది. రక్తపోటుకు అమ్లోడిపిన్ వాడేవారు మా షాపుకు రోజూ వస్తారు. ఆ మందు కణపొరలోని కాల్షియం ద్వారాలను మూసేస్తుంది. రక్తనాళాల గోడలోని నునుపు కండరం సడలి రక్తపోటు తగ్గుతుంది. కానీ ఆ మందు వేసుకున్నవారి కాళ్ళూ చేతులూ పడిపోవడం లేదు కదా! అస్థి కండరంలో అటువంటి ద్వారాలే లేవు, అందుకే.

చిత్తూరు జంతుశాస్త్రం

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. తిరుచానూరు వారు చూపిన ఉదాహరణ చక్కనిది, దాని నుండి తీసిన నిర్ధారణలో మాత్రం సగమే నిలుస్తుంది. అమ్లోడిపిన్ అతుక్కునే ద్వారం వంటి ప్రోటీను అస్థి కండరంలో లేకపోవడం కాదు, పుష్కలంగా ఉంది. అయితే అక్కడ దాని ఉద్యోగం వేరు. కణపొర లోపలికి గొట్టాల్లా చొచ్చుకుపోయే టి నాళికల గోడలో అది కూర్చుని ఉంటుంది. విద్యుత్ ప్రేరణ వచ్చినప్పుడు దాని ఆకృతి మారుతుంది, ఆ మార్పే ఎదురుగా ఉన్న లోపలి నిల్వ అయిన సార్కోప్లాస్మిక్ రెటిక్యులం మీది, కాల్షియంను విడుదల చేసే రయనోడిన్ గ్రాహకాన్ని నేరుగా తెరుస్తుంది. గొలుసు లాగితే గంట మోగినట్టు, ఇక్కడ జరిగేది ఒక ప్రోటీను కదిలి మరొకదాన్ని కదిలించడం మాత్రమే, కాబట్టి బయటి నుండి కాల్షియం లోపలికి రావలసిన అవసరం లేదు.

హృదయ కండరంలో ఇవే రెండు ప్రోటీన్ల దగ్గరి బంధువులు ఉన్నప్పటికీ వాటి మధ్య ఆ నేరు సంబంధం లేదు. అక్కడ ద్వారం నిజంగానే తెరుచుకుని బయటి కాల్షియంను కొద్దిగా లోపలికి రానివ్వాలి, ఆ కొద్దిపాటి కాల్షియమే రయనోడిన్ గ్రాహకానికి తగిలి లోపలి నిల్వను విడుదల చేయిస్తుంది. బయటిది రాకపోతే లోపలిది ఎంత ఉన్నా కదలదు. అందువల్ల హృదయానికి బయటి ద్రవం మాత్రమే అని రాయడం తప్పు. కుందేలు వంటి జంతువుల గుండెలో ఒక్కో సంకోచానికి వాడే కాల్షియంలో సుమారు 70 శాతం లోపలి నిల్వ నుండే వస్తుంది, మనిషి గుండె కూడా దాదాపు ఆ కోవకే చెందుతుంది. ఎలుకలో ఆ వాటా 90 శాతం దాటుతుంది. లోపలిది ఎక్కువే, అయినా బయటిది లేనిదే అది విడుదల కాదు. మీ పట్టికలోని గడి 'ఎక్కడిది' అని మాత్రమే అడుగుతోంది, అందుకే ఈ తేడా అందులో ఇమడడం లేదు.

దీన్ని మందుల కన్నా ముందే చూపించిన పాత ప్రయోగం ఒకటుంది. 1880ల్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో కొట్టుకోనిచ్చి పరిశీలించేవాడు. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె చాలాసేపు కొట్టుకుంది, స్వేదనజలంతో చేసినదానిలో త్వరలోనే ఆగిపోయింది. కుళాయి నీటిలోని కాల్షియమే తేడా అని ఆయన 1883లో ప్రచురించాడు. మన ఆసుపత్రుల్లో ఎక్కించే రింగర్ లాక్టేట్ సీసా మీద ఉన్నది ఆయన పేరే. దీనికి పక్కనే 1972లో ప్రచురితమైన మరొక ప్రయోగాన్ని పెట్టి చూడండి. చుట్టూ ఉన్న కాల్షియంను పట్టి ఉంచే రసాయనం కలిపిన ద్రావణంలో కూడా కప్ప కాలి కండర తంతువులు విద్యుత్ ప్రేరణకు చాలా నిమిషాల పాటు ఎప్పటిలాగే స్పందించాయి. కాలూ గుండే ఒకే కప్పవే, ద్రావణం తీరు కూడా అటువంటిదే.

అలిపిరి వారికి ఒక మాట. మెట్లెక్కేటప్పుడు పిక్క పట్టేయడానికి కారణం నీరూ లవణాలూ తగ్గడమా, అలసిన కండరానికి నాడుల నుండి వచ్చే అదుపు తప్పడమా అన్నది ఇంకా వాదనలోనే ఉంది. రక్తంలో కాల్షియం పడిపోవడం దానికి సాధారణ కారణం కాదు. మాత్ర ఒకటా రెండా అన్నది ఇక్కడ తేల్చగలిగేది కాదు, మీ వైద్యుణ్ణి అడగండి.

పీలేరు విద్యార్థిని

గురువుగారికి ధన్యవాదాలు. అయితే కప్ప కాలి ప్రయోగం నా రెండో ప్రశ్నను ఇంకా బలపరిచినట్టు అనిపిస్తోంది. బయట కాల్షియం అసలే లేకపోయినా కాలి కండరం మామూలుగా పనిచేసినప్పుడు, రక్తంలో అది కాస్త తగ్గినంత మాత్రాన వేళ్ళు ఎందుకు బిగుసుకుంటాయి? నునుపు కండరం గడిలో ఏమి రాయాలో కూడా చెప్పగలరా?

రేణిగుంట ఇల్లాలు

ఈ చర్చలో నేను రాయవచ్చో లేదో తెలియదు గాని, మీరు వేళ్ళు బిగుసుకోవడం అనగానే మా అమ్మ సంగతి గుర్తుకువచ్చింది. అమ్మకు పోయిన ఏడాది థైరాయిడ్ గ్రంథిని పూర్తిగా తీసేశారు. శస్త్రచికిత్స జరిగిన మరునాటి సాయంత్రం పెదవుల చుట్టూ, వేలి కొసల్లో చీమలు పాకుతున్నట్టుందని చెప్పింది. రాత్రి నర్సమ్మ రక్తపోటు చూడడానికి చేతికి పట్టీ చుట్టి గాలి నింపిన కాసేపటికి ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మిగతా వేళ్ళు నిటారుగా బిగుసుకుపోయాయి. మేమంతా పక్షవాతమని భయపడ్డాము. పరీక్షలో కాల్షియం 6.8 అని వచ్చింది. రక్తనాళంలోకి కాల్షియం ఇచ్చాక కొద్దిసేపట్లోనే చెయ్యి విడివడింది. ఆ రాత్రి గుండెకు తీగలు తగిలించి తెర మీద చూస్తూనే ఉన్నారు, బిగుసుకున్నది చెయ్యి అయితే గుండెను ఎందుకు చూస్తున్నారో మాకు ఎవరూ చెప్పలేదు.

చిత్తూరు జంతుశాస్త్రం

అమ్మా, మీరు రాయవచ్చా అని అడగనక్కరలేదు. విద్యార్థిని గారు అడిగినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ పుస్తకంలో కూడా దొరకదు. రక్తంలో మొత్తం కాల్షియం మామూలుగా డెసిలీటరుకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అందులో దాదాపు సగమే ప్రోటీన్లకు అతుక్కోకుండా విడిగా తిరుగుతుంది, పని చేసేది ఆ సగమే. థైరాయిడ్ వెనుక ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు శస్త్రచికిత్సలో దెబ్బతింటే, లేదా వాటికి రక్తసరఫరా తగ్గితే, ఒకటి రెండు రోజుల్లో ఈ మట్టం పడిపోతుంది. ఇప్పుడు అదే రక్తం మూడు కండరాలనూ తడుపుతోంది. ఒక్కొక్కదానికి ఏమవుతుందో విడివిడిగా చూద్దాం.

చేతి కండరం విషయంలో తప్పు కండరంలో లేదు, దానికి ఆజ్ఞ మోసుకొచ్చే నాడిలో ఉంది. నాడి పొర బయటి ముఖం మీద ఉండే కాల్షియం అయాన్లు సోడియం ద్వారాలను తేలికగా తెరుచుకోనివ్వవు. అవి తగ్గగానే ఆ ద్వారాలు చిన్న కదలికకే తెరుచుకుంటాయి, ఇక నాడి ఎవరూ పురమాయించకుండానే వరుసగా ప్రేరణలు పంపడం మొదలుపెడుతుంది. స్పర్శ నాడుల్లో అదే జరిగితే చీమలు పాకినట్టు ఉంటుంది, చాలక నాడుల్లో జరిగితే వేళ్ళు బిగుసుకుంటాయి. రక్తపోటు పట్టీ చేతికి రక్తం అందకుండా కొన్ని నిమిషాలు ఆపినప్పుడు అప్పటికే తేలికగా రేగే నాడి మరింత రేగుతుంది, వైద్యులు ఈ లోపాన్ని బయటపెట్టడానికి ఆ పద్ధతినే పరీక్షగా కూడా వాడతారు. కండరం మాత్రం తన లోపలి నిల్వతో అందిన ప్రతి ఆజ్ఞనూ తు.చ. తప్పకుండా నెరవేరుస్తోంది. కప్ప కాలి ప్రయోగానికీ దీనికీ వైరుధ్యం లేదు. బయటి కాల్షియం తగ్గినా అస్థి కండరం బలహీనపడకపోవడం వల్లనే ఆ బిగువు అంత గట్టిగా ఉంటుంది. 'కాల్షియం తగ్గితే సడలాలి' అన్న మీ ఊహ కణం లోపలి కాల్షియంకు వర్తిస్తుంది. బయటిది తగ్గినప్పుడు అస్థి కండరంలో లోపలిది తగ్గడం లేదు.

గుండెలో అలా కాదు. ద్వారం గుండా వచ్చే కాల్షియం తగ్గితే లోపలి నిల్వ నుండి విడుదలయ్యేది కూడా తగ్గుతుంది, సంకోచపు బలం పడుతుంది. మామూలు స్థితిలో సైతం హృదయ కండరపు ట్రోపోనిన్ పూర్తిగా నిండి ఉండదు, అందుకే కాల్షియం ఏ కొద్దిగా పెరిగినా తగ్గినా బలం మారుతుంది. ఆ ద్వారాలు మూసుకోవడానికి కూడా లోపలికి వచ్చిన కాల్షియమే సంకేతం కాబట్టి, తక్కువ వస్తే అవి ఆలస్యంగా మూసుకుంటాయి. దాంతో విద్యుత్ ప్రేరణ సాగిపోయి ఈసీజీలో క్యూటీ వ్యవధి పెరుగుతుంది. అది మరీ పెరిగితే లయ తప్పే ప్రమాదం ఉంది. మీ అమ్మగారికి తెర మీద చూసినది దాన్నే అయి ఉంటుంది.

నునుపు కండరానికి మీ పట్టికలో రాసిన రెండు మూలాలూ నిజమే, కానీ అవి పనిచేసే క్రమం వేరు. ధమని ముక్కను కాల్షియం లేని ద్రావణంలో ఉంచి నోర్అడ్రినలిన్ కలిపితే అది ఒకసారి ముడుచుకుంటుంది, అయితే ఆ ముడుపు నిలవదు. హార్మోను తగిలినప్పుడు కణం లోపల తయారయ్యే ఐపీ3 అనే అణువు లోపలి నిల్వను తెరవడం వల్ల మొదటి ముడుపు వస్తుంది. ఆ చిన్న నిల్వ అయిపోయాక బిగువును నిలబెట్టవలసినది బయటి నుండి సాగే ప్రవాహమే, ఆ ద్రావణంలో అది లేదు. వచ్చిన కాల్షియం ఇక్కడ ట్రోపోనిన్‌కు కాక కాల్మోడ్యులిన్‌కు అతుక్కుంటుంది, ఆ జంట ఒక ఎంజైమును మేల్కొలుపుతుంది, ఆ ఎంజైము మయోసిన్ తలకు ఫాస్ఫేటును తగిలిస్తుంది, అప్పుడే మయోసిన్ ఆక్టిన్‌ను లాగడం మొదలవుతుంది. అంటే మిగతా రెండింటిలో మీట ఆక్టిన్ తంతువు మీద ఉంటే ఇక్కడ మయోసిన్ మీద ఉంది. ఇన్ని మెట్లు ఉన్నందువల్లనే ఒక సంకోచం పూర్తి కావడానికి ఒకటి నుండి మూడు సెకన్లు పడుతుంది. కాల్షియం బాగా పడిపోయిన రోగుల్లో రక్తనాళాల బిగువు తగ్గి రక్తపోటు పడిపోవడం ఈ కారణంగానే.

తిరుచానూరు మందుల షాపు

గురువుగారూ, ద్వారం ఉన్నా అది ద్వారంగా పనిచేయదన్న మాట బాగుంది, అమ్లోడిపిన్ కాళ్ళను ఎందుకు ముట్టదో ఇప్పుడు కారణంతో సహా తెలిసింది. కానీ మీ నాడి వివరణలో ఒక చిక్కు ఉంది. నాడి కొస నుండి అసిటైల్‌కోలిన్ విడుదల కావాలంటే బయటి కాల్షియం లోపలికి రావాలి, ఇది నేను డి.ఫార్మసీలో చదివినదే. రక్తంలో కాల్షియం తగ్గితే ఆ విడుదల కూడా తగ్గాలి. నాడి ఎంత రేగినా ఆజ్ఞ కండరానికి చేరకూడదు కదా?

చిత్తూరు జంతుశాస్త్రం

చిక్కు సరైనదే, ఆ తగ్గుదల నిజంగానే ఉంది. అయితే ఎంత తగ్గిందన్నది చూడాలి. ఆరోగ్యంగా ఉన్న నాడీ కండర సంధి వద్ద ఒక్కో ప్రేరణకు విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ కండరాన్ని రేపడానికి కావలసినదానికన్నా చాలా ఎక్కువ. 6.8 వద్ద విడుదల కొంత తగ్గినా ఆ మిగులు నుండి సరిపోతుంది, అదే 6.8 వద్ద నాడి పొర మాత్రం హద్దు దాటి రేగిపోతుంది. ప్రయోగశాలలో కాల్షియంను దాదాపు సున్నాకు తెచ్చి మెగ్నీషియం పెంచితే మీరన్నట్టే ఆజ్ఞ కండరానికి చేరకుండా ఆగిపోతుంది. బతికున్న మనిషిలో ఆ మట్టానికి చేరేలోపే ప్రాణం మీదికి వస్తుంది. కప్ప తంతువుల ప్రయోగంలో ప్రేరణ నాడి ద్వారా కాక తంతువుకే నేరుగా ఇవ్వడం కూడా అందుకే ముఖ్యం. నాడి ద్వారా ఇచ్చి ఉంటే ఆ ద్రావణంలో కండరం కదలకపోయేది, మనం తప్పు నిర్ధారణకు వచ్చేవాళ్ళం.

ఐసీయూ రాత్రి డ్యూటీ

నేను తిరుపతిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రేణిగుంట అమ్మగారు చెప్పిన గుండె తీగలకు ఇంకొక కారణం కూడా ఉంది. పది శాతం కాల్షియం గ్లూకోనేట్ పది మిల్లీలీటర్లను మేము సుమారు పది నిమిషాలు తీసుకుని, తెర చూస్తూ, నెమ్మదిగా ఇస్తాము. తొందరపడి ఇస్తే గుండె వేగం పడిపోవచ్చు, ఆగిపోవచ్చు కూడా. చేతి కండరానికి బయటి కాల్షియం పట్టదు గాని గుండెకు పడుతుంది కాబట్టి, చేతి కోసం ఇచ్చే మందు ముందుగా గుండెకే తగులుతుంది. సూది నాళం దాటి పక్కకు పోతే చర్మం కింది కణజాలం కూడా దెబ్బతింటుంది, అందుకని చేతిని కూడా గమనిస్తూ ఉండాలి.

నాకు ఒక సందేహం. కాల్షియం పడిపోయిన కొందరికి ఊపిరి తీసుకునేటప్పుడు కూతలాంటి శబ్దం వస్తుంది, మరికొందరికి ఆస్తమాలా గురకగా ఉంటుంది. శ్వాసనాళాల గోడలోనిది నునుపు కండరమే కదా. గురువుగారి లెక్క ప్రకారం అది సడలాలి, మరి ముడుచుకుంటుందేమిటి?

చిత్తూరు జంతుశాస్త్రం

రెండింటిని వేరు చేయాలి. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు వచ్చే కూత స్వరపేటిక ముడుచుకోవడం వల్ల వస్తుంది. స్వరపేటికను కదిలించేవి అస్థి కండరాలే, కాబట్టి అది చేతివేళ్ళ కథే. మీరు చెప్పిన రెండో శబ్దం, ఊపిరి వదిలేటప్పుడు వచ్చే గురక, శ్వాసనాళాల నునుపు కండరం ముడుచుకున్నట్టే చెబుతుంది. అలా జరిగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆ కండరానికి వచ్చే స్వయంచాలిత నాడులు రేగడం వల్ల అని కొందరు వివరిస్తారు. రక్తనాళాలకు వచ్చే నాడులు కూడా రేగాలి కదా, అక్కడ బిగువు ఎందుకు పెరగదు అని అడిగితే నాకు తృప్తి కలిగించే జవాబు ఇంతవరకు కనబడలేదు. నునుపు కండరం అని మనం ఒకే గడిలో రాసేది అవయవాన్ని బట్టి చాలా మారుతుంది, పట్టికకు ఉన్న పరిమితి అది.

పీలేరు విద్యార్థిని

అందరూ చెప్పినదాన్ని బట్టి ఒక వరుసను మూడుగా విడదీశాను. మిగతా వరుసలు అలాగే ఉంటాయి.

| అంశం | అస్థి కండరం | హృదయ కండరం | నునుపు కండరం |
|---|---|---|---|
| లోపలి నిల్వను తెరిచేది | టి నాళిక ప్రోటీను కదలిక | ద్వారం గుండా వచ్చిన కొద్దిపాటి కాల్షియం | ఐపీ3 |
| బయటి కాల్షియం పాత్ర | ఆ క్షణానికి అవసరం లేదు | నిల్వను విడుదల చేయించడానికి తప్పనిసరి | బిగువు నిలబడడానికి తప్పనిసరి |
| రక్తంలో కాల్షియం బాగా తగ్గితే | నాడి రేగి బిగుసుకుంటుంది | బలం తగ్గుతుంది, క్యూటీ సాగుతుంది | బిగువు తగ్గుతుంది |

తిరుచానూరు మందుల షాపు

బాగానే ఉంది గాని, అయిదు మార్కుల ప్రశ్నకు ఇంత రాస్తే పక్క ప్రశ్నకు సమయం మిగలదు. పరీక్షలో మొదటి పట్టికే రాయండి, ఇది మౌఖికానికి ఉంచుకోండి.

చిత్తూరు జంతుశాస్త్రం

పరీక్షకు ఏది రాయాలన్నది విద్యార్థిని గారి ఇష్టం. నేను పేపర్లు దిద్దినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, 'లోపలి నిల్వ, బయటి ద్రవం' అని రెండు గడుల్లో ఒకే మాట కనబడితే పోల్చినట్టు నాకు అనిపించేది కాదు. కొత్త పట్టికలో మాత్రం రెండు చిన్న మార్పులు చేయండి. నునుపు కండరంలో కూడా రయనోడిన్ గ్రాహకాలు కొంత పాత్ర వహిస్తాయి కనుక ఐపీ3 ముందు 'ముఖ్యంగా' అని చేర్చండి. చివరి వరుసలో 'బిగువు తగ్గుతుంది' అన్నచోట 'రక్తనాళాల్లో' అని చేర్చండి. శ్వాసనాళాల సంగతి నర్సమ్మ గారి ప్రశ్నగానే ఉండిపోయింది కాబట్టి దాన్ని ఆ గడిలోకి తేవద్దు.

అలిపిరి నడక

అయితే నా పిక్కల నొప్పికి కాల్షియం కారణం కాదంటారు. మరి గుండె మెట్లన్నీ ఎక్కినా పట్టేయదు, పిక్క మాత్రం పట్టేస్తుంది. ఇది మీ పట్టికలో ఏ వరుస కిందికి వస్తుంది?

పీలేరు విద్యార్థిని

మొదటి పట్టికలో చివరి వరుస కిందికి వస్తుందండీ. గుండెలో ఒక్కో విద్యుత్ ప్రేరణ 200 నుండి 300 మిల్లీసెకన్ల పాటు సాగుతుంది. ఆ సమయమంతా అది మరో ప్రేరణను దాదాపుగా స్వీకరించదు, మళ్ళీ స్వీకరించేటప్పటికి సంకోచం సగానికి పైగా సడలిపోయి ఉంటుంది, కాబట్టి సంకోచాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని బిగుసుకుపోయే వీలు లేదు. పిక్క కండరంలో ఆ ప్రేరణ కొన్ని మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది, సంకోచం ఇంకా సాగుతుండగానే నాడి నుండి మరొకటి వచ్చి చేరగలదు.